గానుగ నూనె యూనిట్‌కు బ్రేక్ ఈవెన్ టేబుల్: 698 లీటర్ల లెక్క ఎక్కడ తేడా వచ్చింది

ప్రశ్న: అనంతపురంలో రెండు కరెంటు గానుగలతో వేరుశనగ నూనె తీసి అమ్ముతున్నాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. లీటరు 336 రూపాయలు. గింజలు కిలో 104, లీటరుకు రెండున్నర కిలోలు పడతాయి. నూనె తీశాక మిగిలే చెక్క కిలో 40కి పోతుంది. చెక్క డబ్బు తీసేసి, సీసా, కరెంటు అన్నీ కలిపితే లీటరుకు ఖర్చు 230. అద్దె 18,000, గానుగ దగ్గర ఇద్దరికి 30,000, షాపులో మనిషికి 12,000, లోను వడ్డీ 7,000, ఇతరాలు 7,000. మొత్తం 74,000. ఈ లెక్కన నెలకు 698 లీటర్లు అమ్మితే చాలు. నేను 1,200 లీటర్లు అమ్ముతున్నాను. అందులో సగం షాపులో, సగం కిరాణా కొట్లకు (వాళ్లకు 294). అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండటం లేదు. ఇప్పుడు బ్యాంకు వారు, ఎన్ని లీటర్లు అమ్మితే లాభం నష్టం లేకుండా సరిపోతుందో చూపే బ్రేక్ ఈవెన్ టేబుల్ అడుగుతున్నారు. ఎలా వేయాలి?

సమాధానం:

మీ భాగహారంలో తప్పు లేదు. 336లోంచి 230 తీసేస్తే 106, 74,000ను ఆ 106తో భాగిస్తే 698 వస్తుంది. అయితే భాగించిన రెండు అంకెలూ సరిచేయవలసినవే. ఈ జిల్లాలో చిన్న నూనె మిల్లులకు, గానుగలకు లెక్కలు చూసే పనిలో ఇదే తేడా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. టేబుల్ వేయడం పది నిమిషాల పని. అందులో పెట్టే అంకెలను తేల్చుకోవడమే అసలు పని, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందుగా ధర. 336 మీ ధర కాదు. అందులో ఐదు శాతం జీఎస్టీ ఉంది, అది ప్రభుత్వం తరఫున మీరు వసూలు చేసి కట్టే డబ్బు. 336ను 1.05తో భాగిస్తే 320 వస్తుంది. లీటరు మీద మీకు దక్కేది ఆ 320 మాత్రమే. అలాగే కిరాణా కొట్టుకు ఇచ్చే 294లో మీది 280. సీసాల మీద కట్టిన జీఎస్టీ మీకు సర్దుబాటు అవుతుంది కనుక వాటి ఖర్చును కూడా పన్ను తీసేసే వేసుకోవాలి. ఈ ఒక్క సవరణతోనే లీటరు మీద మిగులు 106 నుంచి 90కి పడిపోతుంది. 698 కాస్తా 823 అవుతుంది.

తరువాత లీటరు ఖర్చు. రెండున్నర కిలోల గింజలకు 260. దాని నుంచి వచ్చే 1.4 కిలోల చెక్కకు 56 తీసేస్తే 204. మిగతా 26 రూపాయలు సీసా, మూత, లేబుల్, గింజలు ఏరిన కూలి, గానుగ తిరిగిన కరెంటు, రవాణా. ఈ 230 నాకు నమ్మదగినదిగానే ఉంది, ఒక్క షరతు మీద. ఆ రెండున్నర కిలోలు మీరు కొలిచి చెప్పిందై ఉండాలి, ఎవరో చెబితే రాసుకున్నది కాకూడదు.

ఎలా కొలవాలో చెబుతాను. ఒక వాయికి 15 కిలోలు తూచి వేయండి. గానుగ కింద డబ్బాలో పడ్డ నూనెను అప్పుడే కొలవకండి, అందులో మడ్డి ఉంటుంది. రెండు మూడు రోజులు తేరనిచ్చి, వడకట్టి, ఆ తరువాత కొలవండి. కిలోలకూ లీటర్లకూ తేడా కూడా ఇక్కడే వస్తుంది. లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. 15 కిలోలకు ఆరు లీటర్లు రావడం అంటే కాటా మీద 5 కిలోల 460 గ్రాములు. కాటా మీద కిలోలు చూసి లీటర్లుగా రాసుకుంటే లెక్క దాదాపు పది శాతం పక్కకు పోతుంది. ఆరు లీటర్ల నూనెతో పాటు 8.4 కిలోల చెక్క రావాలి. మిగిలిన కిలో పైచిలుకు నెమ్ము, మడ్డి కింద పోతుంది. ఇలా నాలుగైదు వాయిలు, వేర్వేరు లోడ్ల గింజలతో కొలిచి సగటు తీయండి.

ఇక నెలవారీ ఖర్చు. మీ 74,000లో రెండు ఖర్చులు లేవు. ఒకటి మీ జీతం. పొద్దున గానుగ తెరిచి రాత్రి లెక్క చూసుకునే మనిషి మీరే అయినా, ఆ పనికి ఇంకొకరిని పెడితే 20,000 ఇవ్వవలసి వస్తుంది. యజమాని పనికి ఖరీదు లేదనుకుంటే ఆ లాభం మీ ఇంటి ఖర్చులోంచి తీసి రాసుకున్న లాభం అవుతుంది. రెండోది యంత్రాల తరుగుదల. ఆరు లక్షలు పెట్టిన గానుగలు, ఫిల్టరు పదేళ్లు పనిచేస్తాయనుకుంటే నెలకు 5,000. ఈ రెండూ కలిపితే స్థిర ఖర్చు 99,000. దాన్ని 90తో భాగిస్తే 1,100 లీటర్లు.

ఒక మాట అడగవచ్చు: గానుగ దగ్గరి ఇద్దరి జీతం నూనెతో పాటు మారే ఖర్చు కదా, దాన్ని స్థిరంలో ఎందుకు వేయాలని. నెలజీతమైతే గానుగ ఆగిన రోజున కూడా ఇస్తారు, అందుకే స్థిరం. వాయికి ఇంత అని కూలి ఇస్తుంటే మాత్రం లీటరు ఖర్చులోకి వస్తుంది. కరెంటు బిల్లును మాత్రం రెండుగా చీల్చండి. లోడు మీద కట్టే నెలవారీ చార్జీ స్థిరం, యూనిట్లకు కట్టేది లీటరు ఖర్చు.

1,100 దగ్గర ఆగితే మీరు ఇంకా లాభంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అమ్ముతున్నది 1,200 కదా. అయితే ఆ 1,100 అన్నది ప్రతి లీటరూ మీ షాపులోనే 320కి పోతేనే నిజం. మీ అమ్మకంలో సగం కొట్లకు పోతోంది. అక్కడ 280లోంచి 230 తీసేస్తే మిగిలేది 50. షాపులో 90, కొట్లకు 50, సగం సగం కనుక సగటు మిగులు 70. ఈ మిగులునే కంట్రిబ్యూషన్ అంటారు. 99,000ను 70తో భాగిస్తే 1,414.3. అర సీసా అమ్మలేము కనుక పైకి తీసుకుని 1,415 లీటర్లు. మీ బ్రేక్ ఈవెన్ ఇదీ.

ఇప్పుడు టేబుల్. సగటు ధర 300, లీటరు ఖర్చు 230, స్థిర ఖర్చు 99,000. రెండు గానుగలు, రోజుకు ఒక్కొక్కటి ఎనిమిది వాయిలు, నెలకు 25 రోజులు తిరిగితే మీ సామర్థ్యం 2,400 లీటర్లు. టేబుల్ అక్కడితో ఆపాలి.

| లీటర్లు | అమ్మకం రూ. | మారే ఖర్చు రూ. | స్థిర ఖర్చు రూ. | లాభం / నష్టం రూ. |
|---|---|---|---|---|
| 800 | 2,40,000 | 1,84,000 | 99,000 | −43,000 |
| 1,000 | 3,00,000 | 2,30,000 | 99,000 | −29,000 |
| 1,200 | 3,60,000 | 2,76,000 | 99,000 | −15,000 |
| 1,415 | 4,24,500 | 3,25,450 | 99,000 | +50 |
| 1,600 | 4,80,000 | 3,68,000 | 99,000 | +13,000 |
| 2,000 | 6,00,000 | 4,60,000 | 99,000 | +41,000 |
| 2,400 | 7,20,000 | 5,52,000 | 99,000 | +69,000 |

మూడో వరుస మీదే. 1,200 లీటర్ల దగ్గర నెలకు 15,000 నష్టం. మీరు 20,000 జీతం తీసుకోకుండా ఉండటం వల్లే ఇది బయటికి నష్టంలా కనిపించడం లేదు.

ఎక్సెల్‌లో అయితే B1లో సగటు ధర, B2లో లీటరు ఖర్చు, B3లో స్థిర ఖర్చు పెట్టి ఈ ఒక్క సూత్రం చాలు:

```
=ROUNDUP(B3/(B1-B2),0)
```

టేబుల్‌లోని లాభం గడికి, A6లో లీటర్లు ఉంటే:

```
=A6*($B$1-$B$2)-$B$3
```

చేతిలో డబ్బు ఉండకపోవడానికి ఇంకా రెండు కారణాలు ఉన్నాయి, అవి ఈ టేబుల్‌లో కనిపించవు. లోను వాయిదాలో వడ్డీ మాత్రమే ఖర్చు, అసలు తిరిగి కట్టడం ఖర్చు కాదు. కానీ అసలు కింద కూడా డబ్బు బయటికి పోతుంది. నెలకు 10,000 అసలు కడుతున్నారనుకోండి. తరుగుదల 5,000 మాత్రం ఎవరికీ ఇచ్చే డబ్బు కాదు. అది తీసేసి ఇది కలిపితే నెలకు బయటికి పోయేది 1,04,000, దానికి 1,486 లీటర్లు కావాలి. బ్యాంకు వారికి రెండు అంకెలూ చూపించండి. లాభనష్టాల బ్రేక్ ఈవెన్ వేరు, నగదు బ్రేక్ ఈవెన్ వేరు. వాయిదా కట్టగలరా లేదా అన్నది వాళ్లకు తెలిసేది రెండో దానితోనే.

రెండో కారణం కొట్ల అరువు. నెలకు 600 లీటర్లు 294 లెక్కన అంటే 1,76,400. వాళ్లు నెల తరువాత ఇస్తే అంత డబ్బు ఎప్పుడూ బయటే ఉంటుంది. అది నష్టం కాదు, కానీ గింజలు కొనడానికి మీ దగ్గర ఉండదు.

ఇక్కడిదాకా ఏ యూనిట్‌కైనా ఇంచుమించు ఇదే పద్ధతి. నూనె గానుగకు మాత్రం ఈ ఒక్క టేబుల్ సరిపోదు. లీటరు ఖర్చులో గింజలవే 260, చెక్క డబ్బు వెనక్కి వస్తుంది కాబట్టి మొత్తం 230కి దిగుతోంది. అటు 300, ఇటు 230, రెండు పెద్ద అంకెల మధ్య సన్నటి 70 మీద యూనిట్ నిలబడి ఉంది. గింజ ధర కిలోకు రూపాయి కదిలితే లీటరుకు రెండున్నర రూపాయలు కదులుతాయి. ఆ కదలిక మొత్తం ఆ 70 మీదే పడుతుంది. నూనె ధర మార్చకుండా గింజ ధర మాత్రమే మార్చి చూడండి:

| గింజలు కిలో రూ. | లీటరు ఖర్చు రూ. | సగటు మిగులు రూ. | బ్రేక్ ఈవెన్ లీటర్లు | సామర్థ్యంలో శాతం |
|---|---|---|---|---|
| 96 | 210 | 90 | 1,100 | 46 |
| 100 | 220 | 80 | 1,238 | 52 |
| 104 | 230 | 70 | 1,415 | 59 |
| 108 | 240 | 60 | 1,650 | 69 |
| 112 | 250 | 50 | 1,980 | 83 |
| 116 | 260 | 40 | 2,475 | 103 |

గింజ ధర 104 నుంచి 116కి, అంటే పన్నెండు శాతం కూడా పెరగలేదు. బ్రేక్ ఈవెన్ మాత్రం మీ గానుగల సామర్థ్యాన్నే దాటిపోయింది. ఆ ధర దగ్గర పగలంతా గానుగలు తిప్పినా నష్టమే. ఈ జిల్లాలో వర్షాధార వేరుశనగ ఖరీఫ్‌లో వేసి అక్టోబరు, నవంబరులలో పీకుతారు. బోర్ల కింది యాసంగి పంట మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది. వాన సరిగా పడని ఏడు వచ్చిందంటే ఈ టేబుల్‌లో కింది వరుసలు ఎంత దూరంలో ఉంటాయో అనంతపురంలో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు. గోడ మీద అతికించవలసింది మొదటి టేబుల్ కాదు, ఇది. లోడు దింపించుకునే ముందు బేరం ధరను ఈ వరుసల్లో చూసుకుంటే, నూనె ధర ఎప్పుడు పెంచక తప్పదో నెలాఖరు దాకా ఆగకుండానే తెలుస్తుంది.

గింజ ధర కాగితం మీద మారకపోయినా నెమ్ము వల్ల మారుతుంది. మామూలు కంటే నాలుగు శాతం నెమ్ము ఎక్కువ ఉన్న గింజలు కొంటే లీటరుకు 2.5 బదులు 2.6 కిలోలు పడతాయి. ఆ 100 గ్రాములు నీరే కనుక చెక్క కూడా పెరగదు. లీటరుకు పది రూపాయల నలభై పైసలు పోతాయి, బ్రేక్ ఈవెన్ 1,660 దాకా ఎక్కుతుంది. అంటే కిలో 108 పెట్టి ఎండిన గింజలు కొన్నదీ, 104కి పచ్చివి కొన్నదీ ఇంచుమించు ఒకటే. బాగా ఎండిన గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు ఊడి వస్తుంది, పంటి కింద పటుక్కున విరుగుతుంది. పచ్చిది మెత్తగా నొక్కుకుంటుంది. వాయి తరువాత చెక్క తూకం కూడా రాసుకుంటూ ఉంటే అనుమానం తీరుతుంది. నూనె తగ్గి, చెక్క పెరగకపోతే తేడా నెమ్ము కింద పోయినట్టు. నూనె తగ్గి, చెక్క పెరిగితే గానుగ సరిగా పిండడం లేదన్నమాట, రోకలి, రోలు అరిగాయేమో చూడాలి.

పంట రోజుల్లో చవగ్గా కొని నిల్వ చేస్తే ఈ గొడవ ఉండదు కదా అంటారు. దానికీ ఒక లెక్క ఉంది. ఏడాదికి 12 శాతం వడ్డీకి తెచ్చిన డబ్బుతో 104కి కొంటే నెలకు కిలో మీద రూపాయి పైన వడ్డీ పడుతుంది. నిల్వలో ఎండి తగ్గే తూకం, పురుగు, గోదాము అద్దె దీనికి అదనం. నాలుగు నెలలు ఆగితే ధర కిలోకు నాలుగు రూపాయలకు మించి పెరిగితేనే మీకు ఏదైనా దక్కుతుంది. పెరుగుతుందని గట్టిగా చెప్పగలిగే ఏడాదిలో తప్ప, లోను డబ్బుతో ఈ పని చేయమని నేను చెప్పను. సొంత డబ్బయితే మీ ఇష్టం.

చెక్క ధరను కూడా మరిచిపోకండి. కిలో 40 నుంచి 35కి పడితే లీటరుకు ఏడు రూపాయలు పోయి బ్రేక్ ఈవెన్ 1,572 అవుతుంది. చాలామంది చెక్క డబ్బును పక్కన పెట్టుకుని ఇంటి ఖర్చుకు వాడుకుంటారు. ఆ అలవాటు ఉంటే లీటరు ఖర్చు 230 కాదు, 286. అప్పుడు కొట్లకు పోసే ప్రతి లీటరూ నష్టానికి పోస్తున్నట్టే కనిపిస్తుంది. చెక్క అమ్మిన ప్రతి రూపాయీ ఖాతాలో పడాలి.

ఇప్పుడు మీరు వెంటనే అడగబోయే ప్రశ్న: కొట్లకు ఇవ్వడం మానేయాలా? మానకండి. మానేస్తే మిగిలేది 600 లీటర్లు, వాటి మీద 54,000. స్థిర ఖర్చు మాత్రం 99,000 అలాగే ఉంటుంది, నష్టం 15,000 నుంచి 45,000కి పోతుంది. గానుగ ఖాళీగా ఉన్నంత కాలం లీటరుకు 50 రూపాయలు ఇచ్చే కొట్టు కూడా అద్దె కట్టడంలో చేయి వేస్తోంది. అయితే ఇదే 1,200 లీటర్లలో షాపు వాటా 975 లీటర్లకు చేరితే చాలు, కొత్తగా ఒక్క లీటరు అదనంగా అమ్మకుండానే నష్టం ఆగిపోతుంది. అది ఒక్కసారిగా జరగదు. కొట్లకు ఇచ్చే ధరను పన్ను కాకుండా పది రూపాయలు పెంచగలిగితే సగటు మిగులు 75, బ్రేక్ ఈవెన్ 1,320. ఇది అడగడానికి కాస్త మొహమాటంగా ఉంటుంది, కానీ షాపు వాటా పెంచడం కంటే త్వరగా అవుతుంది.

నేను మీ స్థానంలో ఉంటే ముందు చూసేది మూడో దారి, కూలికి ఆడించడం. 1,200 లీటర్లకు మీరు వాడుతున్నది 3,000 కిలోలే. గానుగలు 6,000 కిలోలు ఆడగలవు, సగం సమయం ఖాళీ. చుట్టుపక్కల ఊళ్ల రైతులు సొంత గింజలు తెచ్చుకుంటే, కరెంటు, పన్ను పోగా కిలోకు పది రూపాయలు మిగిలేలా కూలి పెట్టండి. నెలకు 1,500 కిలోలు వస్తే 15,000. సరిగ్గా మీ నష్టం అంత. గంట లెక్కన చూస్తే ఇది సొంత నూనె కంటే తక్కువే: ఒక వాయి సొంత నూనె మీద 420 మిగిలితే, కూలి మీద 150. కానీ దీనిలో గింజ ధర ఎటు పోయినా మీకు సంబంధం లేదు, పెట్టుబడి లేదు, అరువు లేదు. గానుగలు నిండిపోయి రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వచ్చిన రోజున మాత్రం కూలి పనిని పక్కన పెట్టాలి.

మూడో గానుగ ఆలోచన ఉంటే దాన్ని ఈ టేబుల్ కిందే పొడిగించకండి. 2,400 దాటితే ఇంకో మనిషి జీతం, ఇంకో లోను వడ్డీ, ఇంకొంత తరుగుదల కలుస్తాయి. స్థిర ఖర్చు ఒక్కసారిగా మెట్టు ఎక్కుతుంది. దానికి వేరే టేబుల్ వేసి, కొత్త బ్రేక్ ఈవెన్ ఎంతో చూశాకే బేరం మాట్లాడండి.

బ్యాంకుకు ఇచ్చే కాగితంలో మొదటి టేబుల్, దాని కింద 1,415 లీటర్లు, అది సామర్థ్యంలో 59 శాతమని రాయండి. నగదు బ్రేక్ ఈవెన్ 1,486, అంటే 62 శాతం, పక్కనే ఉండాలి. ఇప్పటి అమ్మకం 1,200 అని దాచకుండా వేసి, కూలి ఆడించడం వల్ల వచ్చే 15,000ను వేరే వరుసలో చూపించండి. వాయిదాలో అసలు ఎంత, వడ్డీ ఎంత అని మీ లోను స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. నేను వేసిన 10,000 తీసేసి ఆ అంకె పెట్టండి. గింజ ధరల టేబుల్‌ను కూడా జత చేయండి, ఎందుకంటే వేరుశనగ ధర తెలిసిన మేనేజరు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న దాని గురించే.